అప్పుడు తట్టింది, తర్వాత తేలింది

కోస్తాలో ఓ చిన్న పట్నం. నర్సింగ్ హోమ్ ఓపీ గదిలో యాభై అయిదేళ్ల ఆవిడ, పక్కన కొడుకు. బల్ల మీద రిపోర్టులు. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 10.8 ఉంది. పరగడుపు షుగర్ 250 దాటింది. రెండు రకాల మాత్రలు పూర్తి మోతాదులో వాడుతున్నా ఆర్నెల్లలో ఆరు కిలోలు తగ్గింది. ఏ డాక్టరైనా ఇక్కడ ఇన్సులిన్ గురించే మాట్లాడతారు. ఈ డాక్టరమ్మా అదే చేసింది.

"మాత్రలతో ఇక లాభం లేదమ్మా, ఇన్సులిన్ మొదలుపెట్టాలి. రాత్రి పూట ఒక్కసారి, పది యూనిట్లు."

"సూది మాత్రం వద్దమ్మా. మాత్రలే ఇంకోటి పెంచండి."

"పెంచడానికి ఇంకేం మిగల్లేదమ్మా. ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి, కళ్లు పోతాయి."

ఆవిడ చేతిలోని రిపోర్టును నాలుగు మడతలు పెట్టింది. కొడుకు వైపు చూసింది. "సరేనమ్మా" అంది.

డాక్టర్ చీటీ రాసి, కింద మెడికల్ షాపులో తీసుకోమని, నర్సు నేర్పిస్తుందని చెప్పి, తర్వాతి పేషెంటును పిలవమంది. అప్పుడు లేచాడు కొడుకు. "ఆవిడ వద్దంటుంటే రాసేస్తారేంటి మేడమ్? కింద షాపు మీదే కదా, అందుకా?" డాక్టర్ గొంతు పెరిగింది. "నమ్మకం లేకపోతే వేరే చోట చూపించుకోండి." తల్లీకొడుకులు వెళ్లిపోయారు. చీటీ బల్ల మీదే ఉండిపోయింది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. షుగర్ వైద్యం చేసేవాళ్లందరికీ తెలిసిన సన్నివేశాలను కలిపి అల్లుకున్నది. డాక్టర్ బదులు ఇక్కడ నర్సునో, కౌన్సెలర్‌నో, కక్షిదారుతో మాట్లాడే లాయర్‌నో పెట్టుకున్నా విషయం మారదు. ఇలాంటి రోజు చివర కాసేపు కూర్చుని, జరిగింది రాసుకునే అలవాటు చాలా వృత్తుల్లో ఇప్పుడు శిక్షణలో భాగం. మన దేశంలో 2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి నైతికతకూ, రోగితో మాట్లాడే తీరుకూ కొత్త పాఠ్యక్రమంలో ప్రత్యేకమైన భాగం ఉంది. ఆంధ్ర, తెలంగాణ కాలేజీల విద్యార్థులు కూడా అందులో భాగంగా తమ అనుభవాల మీద ఆలోచించి రాయాలి. బ్రిటన్‌లో పనిచేసే నర్సులైతే, మన తెలుగు నర్సులతో సహా, రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవడానికి మూడేళ్లకోసారి ఇలాంటి అయిదు రాతలు చూపించి, వాటి గురించి మరో రిజిస్టర్డ్ నర్సుతో మాట్లాడాలి. 2016 నుంచి అక్కడ ఇది నిబంధన.

రాయడం సరే, ఆ రాత మర్నాటి ఓపీ గదిలో ఎందుకు పనికొస్తుంది? చాలాసార్లు ఎందుకూ పనికిరాదు. పనికొచ్చేలా రాయాలంటే ముందు ఒక తేడా తెలియాలి. పని నడుస్తుండగా మనసు చేసే ఆలోచన ఒకటి, పని అయిపోయాక తీరిగ్గా చేసే ఆలోచన మరొకటి.

షాన్ చూపించిన తేడా

ఈ తేడాకు పేరు పెట్టి లోకానికి పరిచయం చేసినవాడు డొనాల్డ్ షాన్. తత్వశాస్త్రం చదువుకుని, అమెరికాలో ఎమ్ఐటీలో పట్టణ ప్రణాళికల విభాగంలో ఆచార్యుడిగా పనిచేశాడు. 1983లో 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్' అనే పుస్తకం రాశాడు. అప్పటికి వృత్తి నైపుణ్యం గురించి విశ్వవిద్యాలయాల్లో ఉన్న అభిప్రాయం చాలా సూటిగా ఉండేది. ముందు శాస్త్రం నేర్చుకుంటావు, తర్వాత దాన్ని సమస్యకు అన్వయిస్తావు, అంతే. షాన్ ఆర్కిటెక్టులనూ, మానసిక చికిత్సకులనూ, ఇంజినీర్లనూ పని చేస్తుండగా గమనించి, అలా జరగడం లేదన్నాడు. అసలు కష్టం సమస్యను పరిష్కరించడంలో లేదు, ఎదురుగా ఉన్నది ఏ సమస్యో తేల్చుకోవడంలో ఉందన్నాడు.

పని సాఫీగా సాగుతున్నంత సేపూ నిపుణుడు ఆలోచించనక్కర్లేదు. చేతికి అలవాటైనది చేసుకుపోతాడు. ఎక్కడో ఒక చోట అనుకున్నట్టు జరగదు. ఎదుటివాళ్ల జవాబు అతకదు, లేదా మందు పనిచేయాల్సిన చోట పనిచేయదు. ఆ చిన్న ఆశ్చర్యం దగ్గర మంచి నిపుణుడు పని ఆపకుండానే, "నేననుకుంటున్న సమస్య ఇది కాదేమో" అని లోపల అనుకుంటాడు. వేరే కోణం పట్టి, ఒక ప్రశ్నో, ఒక కదలికో ప్రయోగించి చూస్తాడు. దానికి వచ్చిన స్పందనను బట్టి మళ్లీ సర్దుకుంటాడు. షాన్ దీన్ని జాజ్ వాద్యకారులతో పోల్చాడు. ఒకరు వాయించింది విని, అక్కడికక్కడే మరొకరు తమ స్వరం మార్చుకుంటారు. పని నడుస్తుండగా ఆలోచన అంటే ఇదే. ఫలితాన్ని ఇంకా మార్చగలిగే సమయంలో వచ్చే ఆలోచన కావడమే దాని విలువ.

పని తర్వాతి ఆలోచనకు ఆ అవకాశం లేదు. ఆ తల్లీకొడుకులు వెళ్లిపోయారు. కానీ దానికి ఓపీ గదిలో దొరకని తీరిక ఉంది. ఒకే క్షణాన్ని నాలుగు వైపుల నుంచి చూడొచ్చు, పుస్తకం తిరగేయొచ్చు, సీనియర్‌ను అడగొచ్చు.

షాన్ చెప్పినదాన్ని అందరూ అలాగే ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో వృత్తి శిక్షణను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన మైఖేల్ ఎరౌట్ 1995లో ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తాడు. షాన్ ఉదాహరణల్లో చాలావరకు తీరుబడిగా సాగే పనులు. బొమ్మ గీస్తున్న ఆర్కిటెక్టు విద్యార్థికి పెన్సిల్ ఆపి ఆలోచించే వీలుంది. వార్డులో, క్లాసులో, ఓపీలో ఆ వీలెక్కడుంది? రెండు క్షణాల్లో నిర్ణయం జరిగిపోయే చోట జరిగేదాన్ని ఆలోచన అనొచ్చా, ఆనవాలు పట్టి స్పందించడం అనాలా అని అతని ప్రశ్న.

మన డాక్టరమ్మ విషయంలో ఎరౌట్ మాటే నిజం. బయట వరండా నిండా జనం. ఆవిడ రిపోర్టు మడత పెట్టినప్పుడు ఆగి, "ఇదేంటి?" అని కొత్తగా ఆలోచించడానికి ఆమెకు ఉన్నది ఒక్క ఊపిరి సేపు. అంత తక్కువ వ్యవధిలో మనసుకు కొత్త ఆలోచన పుట్టదు. ముందే సిద్ధం చేసి పెట్టుకున్నది ఏదైనా ఉంటే అదే అందుతుంది. రాత్రి పూట నోట్‌బుక్కు చేయాల్సిన పని ఇక్కడే ఉంది. గదిలో ఆ ఒక్క ఊపిరి సేపట్లో చేతికి అందేలా ఒక ఆనవాలునూ, ఒక చిన్న అడుగునూ ముందే అది సిద్ధం చేసి పెట్టాలి.

ఫలితం తెలిశాక చూపు మారుతుంది

అయితే రాత్రి కూర్చుని రాసేటప్పుడు ఒక పెద్ద చిక్కు ఎదురవుతుంది. అప్పటికి ఫలితం మనకు తెలిసిపోయి ఉంటుంది.

1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. 1814లో బ్రిటిష్ వాళ్లకూ నేపాల్ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించి అంతగా తెలియనివాళ్లకు ఆ పరిస్థితుల వర్ణన ఇచ్చాడు. కొందరికి ఫలితం చెప్పలేదు. మిగతావాళ్లకు ఒక్కో బృందానికి ఒక్కో ఫలితం జరిగిందని చెప్పాడు. ఫలితం తెలియనట్టే భావించి అంచనా వేయమన్నా, తమకు చెప్పిన ఫలితమే జరగడానికి ఎక్కువ అవకాశం ఉండిందని వాళ్లు అన్నారు. పైగా ఆ సమాచారం తమ అంచనాను మార్చిందని వాళ్లకే తెలియలేదు.

కొడుకు అరిచి వెళ్లిపోయాడని తెలిశాక డాక్టర్ రాసే రాతలోనూ ఇదే జరుగుతుంది. "కొడుకు మొదటి నుంచీ గొడవ పడాలనే వచ్చాడు" అనిపిస్తుంది. లేదా, "ఆవిడ భయపడుతోందని స్పష్టంగా కనిపిస్తున్నా పట్టించుకోలేదు నేను" అనిపిస్తుంది. మొదటిది తనను తాను కాపాడుకోవడం. రెండోది తనను తాను తిట్టుకోవడం. పైకి రెండూ ఎదురెదురుగా కనిపించినా రెండింటిలోనూ జరిగిన తప్పు ఒకటే. గదిలో అప్పుడు ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో అన్నది చెరిగిపోయి, దాని మీద తీర్పు వచ్చి కూర్చుంది. తీర్పు నుంచి రేపటికి పనికొచ్చే ఆనవాలు ఏదీ దొరకదు.

ఆ రాత్రి ఆమె మొదట రాసింది ఈ రెండు వాక్యాలే: "ఈ రోజు సహనం కోల్పోయాను. ఇకపై రోగులతో మరింత ఓపికగా, సానుభూతితో మాట్లాడాలి." విద్యార్థుల నోట్‌బుక్కుల్లోనూ ఇలాంటి వాక్యాలే కోకొల్లలు. గ్రాహమ్ గిబ్స్ 1988లో చెప్పిన ఆరు మెట్ల పద్ధతిని చాలా నర్సింగ్, మెడికల్ కాలేజీల్లో నేర్పిస్తారు. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ వస్తే ఏం చేస్తాను. క్రమం మంచిదే. కానీ మొదటి మూడు మెట్లకే పేజీ నిండిపోయి, ఆఖరి మెట్టు దగ్గరకొచ్చేసరికి "ఓపికగా ఉంటాను" అన్న ఒక్క ముక్కతో ముగుస్తుంది. ఓపిగ్గా ఉండాలన్న సంగతి ఆమెకు ఉదయం కూడా తెలుసు. తెలిసి కూడా కుదరలేదు. ఎక్కడ కుదరకుండా పోయిందో తెలియాలంటే వేరే రకంగా రాయాలి.

రెండు వరుసల పేజీ

షాన్, అతని సహచరుడు క్రిస్ ఆర్గిరిస్ కలిసి 1974లో రాసిన పుస్తకంలో నుంచి వచ్చిన పద్ధతి ఒకటి ఇందుకు బాగా పనికొస్తుంది. మనం నమ్ముతున్నామని చెప్పుకునేది ఒకటి, చేసేటప్పుడు మనల్ని నడిపించేది మరొకటి అన్నది వాళ్ల వాదన. రెండోది మనకే కనిపించదు. దాన్ని కాగితం మీదకు తీసుకురావడానికి పేజీని నిలువుగా రెండుగా విడగొడతారు. కుడి పక్క ఎవరు ఏమన్నారో మాటకు మాట రాయాలి. ఎడమ పక్క, ఆ మాట జరుగుతున్నప్పుడు మనసులో ఏముందో, బయటకు అనకుండా ఏం మింగేశామో రాయాలి. "ఆమె అభ్యంతరం చెప్పింది" అని సారాంశం రాయకూడదు. గుర్తున్నంతవరకు ఆమె మాటలే రాయాలి. వంక పెట్టడం, వివరణ ఇవ్వడం ఈ పేజీలో ఉండవు.

అదే రోజు రాయాలి, ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడకముందే రాయాలి. ఒకసారి ఇంట్లోనో, స్టాఫ్‌రూమ్‌లోనో చెప్పామంటే, చెప్పిన కథే గుర్తుండిపోతుంది. దీనికి పది నిమిషాలు చాలు. సంభాషణ మొత్తం అక్కర్లేదు. మాట అడ్డం తిరిగిన చోటికి కాస్త ముందు నుంచి, కాస్త తర్వాత వరకు రాస్తే చాలు.

మన డాక్టర్ ఆ రెండు వాక్యాలనూ కొట్టేసి మళ్లీ ఇలా రాసింది.

కుడి పక్క: "సూది మాత్రం వద్దమ్మా, మాత్రలే ఇంకోటి పెంచండి." ఎడమ పక్క: మళ్లీ ఇదే. సూది నొప్పి భయం. ఎంతమందికని చెప్పాలి.

కుడి పక్క: "ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి, కళ్లు పోతాయి." ఎడమ పక్క: గట్టిగా చెబితేనే వింటారు. బయట ఇంకా చాలామంది ఉన్నారు.

కుడి పక్క: రిపోర్టు మడత పెట్టింది, కొడుకు వైపు చూసింది, "సరేనమ్మా" అంది. ఎడమ పక్క: ఏదో తేడాగా అనిపించింది. హమ్మయ్య, ఒప్పుకుంది. రాసేద్దాం.

ఈ పేజీలో పనికొచ్చేదంతా ఆ మూడో జతలో ఉంది. "ఏదో తేడాగా అనిపించింది" అని రాసినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. తను గమనించిందన్నమాట. షాన్ చెప్పిన ఆశ్చర్యం ఆమెకూ కలిగింది, పని నడుస్తుండగా ఆలోచన మొదలైంది కూడా. వెంటనే "ఒప్పుకుంది" అన్న ముగింపు వచ్చి దాన్ని తుంచేసింది. సహనం పోయింది కొడుకు లేచినప్పుడు. అవకాశం పోయింది అంతకు ముందే, తల్లి కాగితం మడిచినప్పుడు. ఆ మధ్యలో అరనిమిషం కూడా లేదు. "సహనం కోల్పోయాను" అన్న వాక్యం ఆమెను తప్పుడు చోటు చూపించింది.

మొదటి రెండు జతలు కూడా కొంత చెబుతున్నాయి. "సూది నొప్పి భయం" అని డాక్టర్ అనుకుంది. ఆవిడ ఆ మాట అనలేదు. డాక్టర్ అడగనూ లేదు. కిడ్నీలు, కళ్లు అంటూ బెదిరించింది నొప్పి భయానికి విరుగుడుగా. అసలు జబ్బు అది కాకపోతే ఆ మందు వికటిస్తుంది.

తెలియనిది తెలియనట్టే రాయడం

ఇక్కడ మరో తప్పుదారి ఉంది. ఆవిడ మనసులో ఏముందో మనమే ఊహించి, అదే నిజమని రాసేయడం. దానికి బదులు డాక్టర్ కింద మూడు అవకాశాలు రాసుకుంది. ఇంట్లో ఎవరికో ఇన్సులిన్ మొదలుపెట్టాక ఆరోగ్యం దిగజారి ఉండొచ్చు. అందువల్ల సూది అంటే ఆఖరి దశ అని అనుకుంటూ ఉండొచ్చు. లేదా రోజూ సూది ఎవరు వేస్తారు, మందు ఎక్కడ చల్లగా పెడతారు, నెలకు ఎంత అవుతుంది అన్న లెక్క కావచ్చు. కొడుకు వైపు చూసింది అందుకేనేమో. లేదా షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయన్న భయం కావచ్చు. మూడింటి పక్కనా "తెలియదు" అని రాసింది.

ఆ మాట రాయడం వల్ల, తర్వాతి అడుగు వివరణ కాకూడదని తేలిపోతుంది. ఏ భయమో తెలియనప్పుడు దేనికని వివరణ ఇస్తాం? ముందు అడగాలి. అందుకని పేజీ అడుగున ఆమె ఒకే ఒక్క వాక్యం రాసుకుంది: "పేషెంటు 'సరే' అంటూ పక్కనున్న మనిషి వైపు చూస్తే, పెన్ను కింద పెట్టి, 'సూది అనగానే మీకేం గుర్తొచ్చింది?' అని అడుగుతాను."

ఈ వాక్యాన్ని "ఓపికగా ఉంటాను" అన్నదాని పక్కన పెట్టి చూడండి. ఇందులో కంటికి కనిపించే ఆనవాలు ఉంది. చేతితో చేసే పని ఉంది. నోటితో అనాల్సిన మాట ఉంది. "ఫలానాది కనిపిస్తే ఫలానాది చేస్తాను" అన్న రూపంలో పెట్టుకున్న నిర్ణయాలు, ఊరికే మంచి ఉద్దేశాలుగా ఉన్నవాటికన్నా ఎక్కువగా ఆచరణలోకి వస్తాయని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో చూపించాడు. ఆనవాలు కనిపించగానే నిర్ణయం దానంతట అదే గుర్తొస్తుంది, కొత్తగా ఆలోచించనక్కర్లేదు. ఎరౌట్ చెప్పిన ఆ ఒక్క ఊపిరి సేపట్లో ఇమిడేది ఇలాంటి వాక్యమే. ఆ పేజీకి ఒక్క వాక్యం చాలు. అయిదు రాసుకుంటే గదిలో ఒక్కటీ గుర్తురాదు.

గదిలో మళ్లీ

కొన్ని వారాల తర్వాత ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు, భార్యతో. హెచ్‌బీఏ1సీ 10 పైనే. ఇన్సులిన్ మాట వినగానే "అలాగేనండి" అని భార్య వైపు చూశాడు. డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "సూది అనగానే మీకేం గుర్తొచ్చింది?"

అతను మాట్లాడలేదు. భార్య చెప్పింది. "మా బావగారికి సూది మొదలెట్టిన నెలకే కాలు తీసేశారండి. అప్పటి నుంచీ ఈయన ఆ మాటెత్తితే వణుకుతారు."

ఇక్కడి వరకు నోట్‌బుక్కు తీసుకొచ్చింది. ఇక్కడి నుంచి అందులో ఏమీ రాసి లేదు. డాక్టర్ నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది: కాలు అప్పటికే చెడిపోయి ఉంటుంది, సూది ఆలస్యంగా మొదలై ఉంటుంది, తప్పు సూదిది కాదు. నిజమే. కానీ అతను తల వంచుకుని తన కుడి పాదం వైపు చూస్తున్నాడు. అది ఆమె కంట పడింది. ఇతని ప్రశ్న సూది గురించి కాదు, ఈ కాలు ఉంటుందా పోతుందా అన్నది. వివరణ పక్కన పెట్టి, "చెప్పులు విప్పండి, పాదాలు చూద్దాం" అంది. పుళ్లు లేవు. నైలాన్ పోగు ఆనించి స్పర్శ చూసింది. బొటనవేలి కింద కొంచెం తగ్గింది, మిగతా చోట్ల తెలుస్తోంది. "ఇప్పటికి కాలు బాగుంది. దీన్ని ఇలాగే ఉంచడానికే ఇప్పుడే సూది అంటున్నాను" అని చెప్పింది.

అతను ఆ రోజు ఇన్సులిన్‌కు ఒప్పుకోలేదు. వారం తర్వాత వచ్చి నర్సు దగ్గర సూది ఎలా వేసుకుంటారో చూస్తానన్నాడు. పాదాల జాగ్రత్తలు రాయించుకుని వెళ్లాడు. ఇది గెలుపూ కాదు, ఓటమీ కాదు. తలుపు తెరిచే ఉంది, అంతే.

రెండు ఆలోచనలూ ఎలా చేయి కలిపాయో ఇక్కడ చూడొచ్చు. పెన్ను కింద పెట్టించినది రాత్రి పూట చేసిన ఆలోచన. చెప్పులు విప్పించినది అక్కడికక్కడ తట్టిన ఆలోచన. మొదటిది లేకపోతే రెండోదానికి చోటే దొరికేది కాదు. అయితే మొదటిది రెండోదాని పని చేయలేదు. "పాదం వైపు చూస్తే పాదం పరీక్షించు" అని నోట్‌బుక్కు ముందే చెప్పలేదు. మనుషులు మళ్లీ మళ్లీ అలాగే రారు. మాట తుంచేసే అలవాటును కాస్త ఆపి, ఎదుటి మనిషిని చూడటానికి నాలుగు క్షణాలు సంపాదించి పెట్టడమే రాత చేయగలిగిన పని.

ఎక్కడ ఆగాలి

ఈ పేజీ కేస్‌షీట్ కాదు. వైద్య వివరాలు కేస్‌షీట్‌లో పూర్తిగా, సక్రమంగా ఉండాలి. సొంత నోట్‌బుక్కులో పేరు, ఊరు, తేదీ, ఎవరో గుర్తుపట్టే వివరం ఏదీ ఉండకూడదు. చిన్న పట్నంలో కొడుకు వృత్తి చెప్పినా మనిషి తెలిసిపోతాడు. పెద్ద పొరపాటు జరిగి రోగికి హాని కలిగితే దాన్ని ఆస్పత్రి పద్ధతి ప్రకారం తెలియజేయాలి. నోట్‌బుక్కులో రాసుకోవడంతో ఆ బాధ్యత తీరదు.

ఈ భయం ఊహాజనితం కాదు. బ్రిటన్‌లో లెస్టర్ ఆస్పత్రిలో 2011లో ఒక పిల్లవాడి మరణానికి సంబంధించి డాక్టర్ హాదిజా బావా-గర్బాకు 2015లో శిక్ష పడింది. 2018 జనవరిలో ఆమెను వైద్యుల రిజిస్టర్ నుంచి తొలగించారు. అదే ఏడాది ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. శిక్షణలో రాసుకున్న రాతల్ని కోర్టు ముందు పెడతారన్న ఆందోళన వేలమంది డాక్టర్లలో రేగింది. ఆమె శిక్షణ రాతల్ని జ్యూరీ ముందు సాక్ష్యంగా పెట్టలేదని ఆమెకు అండగా నిలిచిన వైద్యుల రక్షణ సంస్థ వివరణ ఇచ్చింది. అయినా ఆ భయం వల్ల చాలామంది రాతలు పొడిగా, పైపైగా మారాయి. అదే ఏడాది అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్, ఇతర వైద్య సంస్థలు కలిసి మార్గదర్శకాలు విడుదల చేశాయి. వివరాలన్నీ ఏకరువు పెట్టడం కన్నా ఏం నేర్చుకున్నామో రాయాలనీ, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాయాలనీ చెప్పాయి.

మార్కుల కోసం రాయించినా ఇదే గతి. ఎడమ వరుస చదివి లెక్చరర్ మార్కులేస్తారని తెలిస్తే "మళ్లీ ఇదే, ఎంతమందికని చెప్పాలి" అని ఏ విద్యార్థీ రాయడు. "నాకు రోగి మీద జాలి కలిగింది" అని రాస్తాడు. అప్పుడు ఆ పేజీలో నేర్చుకోవడానికేమీ ఉండదు. అందుకని ఎడమ వరుస రాసినవాళ్ల దగ్గరే ఉండాలి. చూపించాల్సి వస్తే కింది వాక్యం ఒక్కటి చూపిస్తే చాలు.

కొన్ని రోజుల్లో ఈ పద్ధతే వద్దు. చేతిలో పసిబిడ్డ పోయిన రాత్రి, ఎవరో చెయ్యి చేసుకున్న రాత్రి కూర్చుని మాటకు మాట గుర్తు చేసుకుంటే గాయాన్ని కెలికినట్టే అవుతుంది. అప్పుడు తోటివాళ్ల తోడూ, నిద్రా కావాలి. భయంకర సంఘటన జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి ఒకే ఒక్కసారి అంతా చెప్పించడం వల్ల తర్వాతి మానసిక వ్యాధులు ఆగవని పరిశోధనల్లో తేలింది. రాత ఆలోచనగా ఉందో, కుళ్లిపోవడంగా మారిందో ఒక గుర్తుతో తెలుసుకోవచ్చు. ఒకే సంఘటన గురించి మూడోసారి రాసినా కింద కొత్త వాక్యం రావట్లేదంటే, కాగితం పక్కన పెట్టి నమ్మకమైన సీనియర్‌తోనో, కౌన్సెలర్‌తోనో మాట్లాడాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఆఖరిది, చాలామంది చేయని పని. నెలకోసారి పేజీలన్నీ ముందు పెట్టుకుని ఎడమ వరుసలు మాత్రమే చదవాలి. మన డాక్టర్ నోట్‌బుక్కులో "బయట ఇంకా చాలామంది ఉన్నారు" అన్న మాట పేజీ తర్వాత పేజీలో కనిపిస్తుంది. ఆ మాటకు ఆమె గుణంలో ఏ మార్పూ మందు కాదు. ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిన వాళ్లను రద్దీ ఓపీలో కాకుండా, వారంలో ఒక మధ్యాహ్నం నర్సుతో సహా కూర్చోబెట్టి మాట్లాడే ఏర్పాటు కావాలి. అది ఆమె ఒక్కతే మార్చగలిగినది కాదు. నర్సింగ్ హోమ్ నడిపేవాళ్ల ముందు పెట్టాల్సిన సంగతి. అలా పెట్టడానికి ఆమె దగ్గర ఇప్పుడు పేజీల కొద్దీ ఆధారం ఉంది. తన పొరపాటుకూ, తను పనిచేసే చోటి లోటుకూ మధ్య గీత ఎక్కడుందో నెల రోజుల రాత ఆమెకు చూపించింది. మొదటిదాన్ని ఆమె ఒక్క వాక్యంగా మార్చి గదిలోకి తీసుకెళ్తుంది. రెండోదాన్ని మేనేజ్‌మెంట్ మీటింగుకు తీసుకెళ్లాలి.